ఐటీసీ తేడా తేలడం లేదా? మేనేజర్‌కి ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి

అకౌంట్స్ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి జీఎస్టీ పనిలో 20వ తేదీ ఒక్కటే కళ్ల ముందు ఉంటుంది. నెలవారీగా 3బీ రిటర్న్ వేసేవాళ్లకి ఆఖరి తేదీ అదే కాబట్టి, కొన్న బిల్లుల టాక్స్ పోర్టల్‌లో కనిపించకపోయినా ఇంకా టైముంది కదా అనుకుంటారు. సప్లయర్ ఆఫీసుకి ఫోన్లు చేస్తూ 17 దాకా లాగుతారు. 18న టెన్షన్ పడుతూ మేనేజర్ దగ్గరికి వెళ్తారు. "ఇన్నాళ్లూ ఏం చేశావ్?" అనే మాట అక్కడే వస్తుంది. నిజానికి అతను కష్టపడే ఉంటాడు. చిక్కేమిటంటే, 18న చెబితే మేనేజర్ చేయగలిగింది దాదాపు ఏమీ మిగలదు.

ఇక్కడ పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. పై వాళ్లకి చెప్పాల్సిన గడువును మన పని ముగియాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టకూడదు, వాళ్ల జోక్యం ఇంకా పనిచేసే చివరి రోజు నుంచి లెక్కపెట్టాలి. జీఎస్టీలో ఆ రోజు ఏదో స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఈ గైడ్‌కి ఈ పనినే తీసుకున్నాను.

ముందు తేదీలు: ఏ రోజు ఏ తలుపు మూసుకుంటుంది

నెలవారీ రిటర్న్ వేసే సప్లయర్ తన అమ్మకాల బిల్లులను జీఎస్టీఆర్-1లో తర్వాతి నెల 11లోగా చూపించాలి. వాటి ఆధారంగా 14న మనకి జీఎస్టీఆర్-2బీ, అంటే ఆ నెల మనకి అందే క్రెడిట్ల లిస్టు, తయారవుతుంది. అందులో ఉన్న టాక్స్‌నే మనం కట్టాల్సిన టాక్స్‌లోంచి తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే ఐటీసీగా, 20లోగా వేసే 3బీలో తీసుకోగలం. బిల్లు చేతిలో ఉన్నా, సరుకు వచ్చినా, 2బీలో లేని బిల్లుకి ఆ నెల క్రెడిట్ తీసుకోకూడదు. 2022 నుంచి చట్టంలో ఇది స్పష్టంగా ఉంది.

కాబట్టి 11 దాకా సప్లయర్ మీద ఒత్తిడి పెడితే ఫలితం ఉంటుంది. ఆ తేదీ దాటాక అతను తప్పు దిద్దుకున్నా మనకి ఈ నెల ఉపయోగం లేదు. మర్చిపోయిన బిల్లును అదే నెలకి చేర్చుకోవడానికి 2024లో జీఎస్టీఆర్-1ఏ అనే వెసులుబాటు వచ్చింది గానీ, అందులో చేర్చిన బిల్లు మనకి తర్వాతి నెల 2బీలోనే కనబడుతుంది. 14 తర్వాత మేనేజర్ చేతిలో ఉండేది ఒక్కటే: తగ్గిన క్రెడిట్‌కి సరిపడా డబ్బు సర్దడం. 18కి అది కూడా హడావిడి వ్యవహారం అవుతుంది.

అంటే సప్లయర్ గురించి చెప్పడానికి ఆఖరి రోజు 10. డబ్బు గురించి చెప్పడానికి ఆఖరి రోజు 14 సాయంత్రం. మధ్యలో ఆదివారం గానీ సెలవు గానీ వస్తే ఇంకో రోజు ముందే చెప్పండి.

మొదటి మెట్టు: 8 నాటికి చూడటం

2బీ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. 2024 అక్టోబరు నుంచి పోర్టల్‌లో ఐఎంఎస్ అనే ఇన్‌వాయిస్‌ల పేజీ ఉంది. సప్లయర్ తన జీఎస్టీఆర్-1లో బిల్లు సేవ్ చేసిన వెంటనే, ఇంకా ఫైల్ చేయకపోయినా, మన ఐఎంఎస్‌లో కనిపిస్తుంది. 8న ఆ లిస్టు డౌన్‌లోడ్ చేసి టాలీలోని కొనుగోళ్ల రిజిస్టర్‌తో పోల్చండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక యూనిట్ ఉందనుకోండి. హైదరాబాద్‌లో ఒక బ్రాంచి ఉంది కాబట్టి రెండు రాష్ట్రాల్లోనూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. జూలై నెలకి విజయవాడ లెక్కలు ఇవి: టాలీ ప్రకారం ఐటీసీ ₹7,46,000. ఆగస్టు 8న ఐఎంఎస్‌లో కనిపిస్తున్నది ₹6,20,000. తేడా ₹1,26,000.

ఈ ఒక్క అంకె పట్టుకుని మేనేజర్ గది తలుపు తట్టకండి. "ఐటీసీ లక్షా ఇరవై ఆరు వేలు తేడా వస్తోంది మేడం" అనగానే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న "ఎవరిది?" అనే. దానికి జవాబు లేకుండా వెళితే మిగతా సంభాషణంతా మీ ప్రిపరేషన్ గురించే నడుస్తుంది.

రెండో మెట్టు: తేడాని విడగొట్టడం

మన ఉదాహరణలో ఆ తేడా మూడు ముక్కలైంది.

మొదటిది ₹10,800. నట్లు బోల్టులు అమ్మే చిన్న సప్లయర్‌ది. అతను మూడు నెలలకోసారి రిటర్న్ వేసే స్కీములో ఉన్నాడు. మధ్య నెలల బిల్లులు ముందుగా ఎక్కించే సదుపాయం ఉన్నా వాడుకోడు. జూలై బిల్లు అక్టోబరులోనే వస్తుంది. ఇది ఇరుక్కున్న పని కాదు, అతని పద్ధతే అంత.

రెండోది ₹7,200. ట్రాన్స్‌పోర్టు, రిపేర్ల బిల్లులు. ఆ సప్లయర్లు గత నెలల్లో కూడా ఆలస్యంగా ఎక్కించారు, తర్వాతి నెలలో వచ్చాయి.

మూడోది ₹1,08,000. హైదరాబాద్‌లో స్టీలు షీట్లు అమ్మే ఒకే సప్లయర్. రెండు బిల్లులు: ₹3,50,000 మీద 18 శాతం చొప్పున 63,000, ₹2,50,000 మీద 45,000.

మొదటి రెంటినీ షీటులో రాసి పక్కన పెట్టండి. వాటి గురించి ప్రత్యేకంగా ఎవరికీ చెప్పక్కర్లేదు. పైకి తీసుకెళ్లాల్సింది మూడోది ఒక్కటే కావచ్చు. కావచ్చు అని ఎందుకన్నానంటే, ముందు మన ఇల్లు వెతుక్కోవాలి.

మూడో మెట్టు: తప్పు మనదేమో చూసుకోవడం

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. ఎందుకంటే పరువు పోయేది ఇక్కడే. మీరు చెప్పిన మాట మీద మేనేజర్ సప్లయర్ ఓనర్‌కి గట్టిగా ఫోన్ చేసి, వాళ్లు "ఎప్పుడో ఎక్కించాం చూసుకోండి" అని స్క్రీన్‌షాట్ పంపితే, తర్వాత ఆరు నెలలు మీరు ఏం చెప్పినా ఆవిడ రెండుసార్లు అడుగుతుంది.

బిల్లు కాగితం తీసి మన జీఎస్టీ నంబరు చూడండి. ఆంధ్రప్రదేశ్ నంబరు 37తో మొదలవుతుంది, తెలంగాణది 36తో. రెండు చోట్లా రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలకి ఇది చాలా మామూలు తప్పు: విజయవాడకి రావాల్సిన బిల్లు హైదరాబాద్ బ్రాంచి నంబరు మీద ఎక్కుతుంది. కాగితం మీద 37 ఉన్నా, పోర్టల్‌లో ఎక్కించేవాళ్లు పాత లిస్టులోంచి 36 ఎంచుకుని ఉండొచ్చు. కాబట్టి బ్రాంచి లాగిన్‌లో ఐఎంఎస్ కూడా తెరిచి చూడండి. లాగిన్ మీ దగ్గర లేకపోతే అక్కడున్న వాళ్లని అడిగి చూపించుకోండి. పర్చేజ్ ఆర్డరులో మనమే 36 ఇచ్చామా అన్నది కూడా చూడాలి. అలా అయితే తప్పు మనది, చెప్పే తీరు మొత్తం మారిపోతుంది.

ఐఎంఎస్‌లో ఆ బిల్లులు ఉండి, మన వాళ్లే ఎవరో Reject గానీ Pending గానీ నొక్కారేమో చూడండి. అలా నొక్కితే ఆ బిల్లు క్రెడిట్ ఆ నెలకి రాదు. ఇది 3బీ వేయకముందైతే మనమే మార్చుకోవచ్చు. 14 దాటాక మారిస్తే 2బీని మళ్లీ లెక్కించమని పోర్టల్‌లో నొక్కాలి. ఎవరు నొక్కారని ఆరా తీయడం తర్వాత. ముందు ఎందుకు నొక్కారో అడగండి. సరుకు తిప్పి పంపిన బిల్లు అయితే వాళ్లదే కరెక్టు.

తర్వాత గోడౌన్‌కి ఫోన్ చేయండి. సరుకు దిగిందా, ఏ తేదీన, ఎంట్రీ నంబరెంత? సరుకు అందకుండా క్రెడిట్ తీసుకోవడం కుదరదు కాబట్టి ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది. అదే ఎంట్రీ టాలీలో రెండుసార్లు పడిందేమో కూడా ఓసారి చూడండి.

చివరగా సప్లయర్ సంగతి. పోర్టల్‌లో లాగిన్ కాకుండానే Search Taxpayer లో అతని జీఎస్టీ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ పరిస్థితి కనబడుతుంది. Show Filing Table నొక్కితే ఏ రిటర్న్ ఏ తేదీన వేశాడో వస్తుంది. ప్రతి నెలా 10, 11 తేదీల్లో వేస్తున్నాడంటే అలవాటుగా ఆఖరి రోజు మనిషి. రెండు మూడు నెలలుగా ఖాళీగా ఉంటే, లేదా స్టేటస్ Suspended అని ఉంటే, మిగతా మెట్లు వదిలేసి అదే గంటలో మేనేజర్‌కి చెప్పండి. అప్పుడు ప్రశ్న ఒక నెల ఆలస్యం గురించి కాదు, క్రెడిట్ అసలు వస్తుందా అన్నది. అతనికి ఇవ్వాల్సిన డబ్బు ఇంకా మన దగ్గరే ఉంటే, ఆ పేమెంట్ వెళ్లకముందే పైవాళ్లకి తెలియాలి.

బిల్లు మీద క్యూఆర్ కోడ్ ఉందా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ బాగా పనికొస్తుంది. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్లు ఈ-ఇన్‌వాయిస్ చేయాలి, దాని వివరాలు వాళ్ల జీఎస్టీఆర్-1లోకి సాధారణంగా వాటంతటవే వెళ్తాయి. క్యూఆర్ కోడ్ లేని బిల్లు మాత్రం ఎవరో కూర్చుని ఎక్కిస్తేనే ఎక్కుతుంది. మన స్టీలు సప్లయర్ బిల్లు రెండో రకం. అంటే ఒక పార్ట్‌టైం అకౌంటెంట్ ఎప్పుడు ఆఫీసుకి వస్తే అప్పుడే పని.

నాలుగో మెట్టు: మీ స్థాయిలో రెండు ప్రయత్నాలు, రాతపూర్వకంగా

8న సప్లయర్ అకౌంటెంట్‌కి ఫోన్ చేయండి. బిల్లు నంబర్లు, తేదీలు, మన జీఎస్టీ నంబరు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపండి. ఫోన్‌లో "చేస్తాం సార్" అనే మాటకి విలువ లేదు. "ఏ రోజు ఎక్కిస్తారు?" అని అడిగి, వచ్చిన జవాబును మీరే మెసేజ్‌గా తిరిగి పంపండి: "9 సాయంత్రానికి ఎక్కిస్తామన్నారు, థ్యాంక్స్." 9 సాయంత్రం ఐఎంఎస్ చూడండి. లేకపోతే ఇంకో ఫోన్.

అక్కడితో ఆపండి. మూడో ఫోన్, నాలుగో ఫోన్ చేసినా మీ మాటకి కొత్తగా బలం రాదు. సప్లయర్ అకౌంటెంట్‌కి మీరు బాస్ కాదు. అతనికి పని చెప్పగలిగేది అతని ఓనర్, ఆ ఓనర్‌ని కదిలించగలిగేది మన పేమెంట్. పేమెంట్ ఆపే అధికారం మీకు లేదు. పని పైకి తీసుకెళ్లాల్సిన అసలు గుర్తు ఇదే: ఇక మిగిలిన ఒక్క అడుగూ మీ అధికారం బయట ఉంది. శక్తి మేరకు ప్రయత్నించాను అనే భావన కన్నా ఈ గుర్తు నమ్మదగినది.

ఐదో మెట్టు: 10 ఉదయం చెప్పడం

మేనేజర్ ఆఫీసుకి వచ్చాక మొదటి అరగంట వదిలేసి మెసేజ్ పెట్టండి. పెట్టాక వెళ్లి నోటితో కూడా చెప్పండి. మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"మేడం, జూలై ఐటీసీలో స్టీలు షీట్ల సప్లయర్ బిల్లులు రెండు ఇంకా పోర్టల్‌లో ఎక్కలేదు. టాక్స్ మొత్తం ₹1,08,000. రేపటిలోగా ఎక్కకపోతే ఈ నెల ఆ మొత్తం మనం క్యాష్‌లో కట్టాలి, క్రెడిట్ తర్వాతి నెలకి వెళ్తుంది. సరుకు వచ్చింది, గోడౌన్ ఎంట్రీ ఉంది. బిల్లుల మీద మన 37 నంబరే ఉంది. హైదరాబాద్ బ్రాంచి లాగిన్‌లో కూడా చూశాం, లేవు. వాళ్ల అకౌంటెంట్‌తో 8న, 9న మాట్లాడాను. 9 సాయంత్రానికి ఎక్కిస్తామని మెసేజ్‌లో ఒప్పుకున్నారు, ఎక్కించలేదు. వీళ్లకి 18న ₹7,08,000 పేమెంట్ ఉంది. పర్చేజ్ మేనేజర్ గారి చేత ఈరోజు వాళ్ల ఓనర్‌కి ఫోన్ చేయించగలరా? బిల్లు కాపీలు, షీటు మీ ఫోల్డర్‌లో పెట్టాను."

ఇందులో క్రమం చూడండి. ఏం ఆగింది, ఎంత, ఎప్పటిలోగా, ఏమవుతుంది అన్నవి ముందే వచ్చేశాయి. మీరు చేసిన పని ఆ తర్వాత, అదీ క్లుప్తంగా. చాలామంది దీన్ని తిరగేసి రాస్తారు. 5న మొదలుపెట్టాను, లాగిన్ రాలేదు, తర్వాత వచ్చింది, ఫోన్ ఎత్తలేదు అంటూ కథలా చెబుతారు. మేనేజర్ సగం చదివేసరికి ఇంకో ఫోన్ వస్తుంది, అసలు సంగతి చదవకుండానే పోతుంది.

18న పేమెంట్ ఉందన్న వాక్యం లేకపోతే ఈ మెసేజ్ సగం బలం పోతుంది. మేనేజర్ చేతికి మీరు అందిస్తున్న పట్టు అదే. కానీ "పేమెంట్ ఆపేద్దాం" అని మీరు రాయకండి. ఆ సప్లయర్‌తో సంస్థకి వేరే అవసరాలు ఉండొచ్చు, వచ్చే వారం అర్జెంటు సరుకు కావాల్సి ఉండొచ్చు. వాస్తవం చెప్పండి, నిర్ణయం వాళ్లకి వదలండి. అడగాల్సింది మాత్రం స్పష్టంగా అడగండి. "ఏం చేయమంటారు మేడం?" అని ముగిస్తే ఆలోచించే పని మొత్తం ఆవిడ నెత్తిన పెట్టినట్టే.

ఒక మాట జాగ్రత్త. "ఐటీసీ పోయింది" అనకండి. పోలేదు, వాయిదా పడింది. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లులకి క్రెడిట్ తీసుకోవడానికి సాధారణంగా తర్వాతి నవంబరు 30 దాకా సమయం ఉంటుంది. లక్ష రూపాయలు నష్టమని కంగారు పెట్టి, ఆ విషయం మేనేజర్ మీకు గుర్తుచేయాల్సి వస్తే, మీరు చూసిన మిగతా లెక్కల మీద కూడా అనుమానం వస్తుంది.

నోటితో చెప్పేటప్పుడు అడగగల ప్రశ్నలు మూడు నాలుగే: సరుకు వచ్చిందా, నంబరు కరెక్టేనా, వాళ్లు ఇదివరకు ఇలా చేశారా, మిగతా తేడా సంగతేంటి. చివరిదానికి ఆ పక్కన పెట్టిన ₹18,000 లెక్క పనికొస్తుంది. "మిగతా పద్దెనిమిది వేలు మామూలుగా ఆలస్యంగా వచ్చేవే మేడం, లిస్టు షీటులో ఉంది" అంటే చాలు. తెలియనిది అడిగితే "చూసి పావుగంటలో చెప్తాను" అనండి, పావుగంటలోనే చెప్పండి.

బయట ఉండే ఆడిటర్ గారికి మీ మేనేజర్ కన్నా ముందు ఫోన్ చేయకండి. సాయం కోసమే చేసినా, ఆయన మధ్యాహ్నం మేనేజర్‌తో "మీ అబ్బాయి ఏదో తేడా ఉందన్నాడు" అంటే ఆవిడకి విషయం బయటి నుంచి తెలిసినట్టవుతుంది.

ఆరో మెట్టు: 14న రెండోసారి

మన ఉదాహరణలో ఫోన్ పనిచేసింది, కానీ సగమే. 11 రాత్రికి 63,000 బిల్లు ఎక్కింది, 45,000 బిల్లు ఎక్కలేదు. 14న 2బీ రాగానే ఇప్పుడు చెప్పాల్సింది వేరే రకం విషయం, డబ్బు. జూలై అమ్మకాల మీద కట్టాల్సిన టాక్స్ ₹9,10,000. మొదట అనుకున్నట్టు ₹7,46,000 క్రెడిట్ ఉంటే క్యాష్ 1,64,000 సరిపోయేది. ఇప్పుడు 2బీలో ఉన్నది 6,83,000, అంటే ₹2,27,000 కట్టాలి. అదనం ₹63,000. అంకె అంతకుముందు ఎక్కిన బిల్లుతో యాదృచ్ఛికంగా కలిసింది. మెసేజ్‌లో రాసేటప్పుడు ఆ గందరగోళం రాకుండా విడిగా రాయండి: 45,000 స్టీలు బిల్లు, 18,000 చిన్న బిల్లులు.

"మేడం, 2బీ వచ్చింది. ఈ నెల క్యాష్ ₹2,27,000 కావాలి, అంచనా కన్నా 63,000 ఎక్కువ. 19లోగా చలాన్ కట్టాలి. స్టీలు వాళ్ల రెండో బిల్లు 45,000 రాలేదు, వాళ్లు 1ఏలో ఎక్కిస్తే వచ్చే నెల వస్తుంది. 18న ఇచ్చే పేమెంట్‌లో ఆ 45,000 ఉంచాలా, ఆపాలా అన్నది మీరు చెప్పండి."

ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవ్వొచ్చు. ఎవరో ఒకరు "బిల్లు చేతిలో ఉంది కదా, క్రెడిట్ వేసేయ్, తర్వాత చూద్దాం" అంటారు. వాదన పెట్టుకోకుండా ఖరీదు చెప్పండి. 2బీలో లేని క్రెడిట్ వాడుకుంటే ఏడాదికి 18 శాతం వడ్డీ. 45,000కి నెలకి అది దాదాపు 675 రూపాయలే, అందుకే చాలామందికి తేలిగ్గా అనిపిస్తుంది. కానీ 2బీకీ 3బీకీ తేడా పెరిగితే పోర్టల్ నుంచి వివరణ అడుగుతూ నోటీసు రావొచ్చు, దానికి జవాబిచ్చేదాకా తర్వాతి జీఎస్టీఆర్-1 వేయడం ఆగిపోవచ్చు. అప్పుడు మన కస్టమర్లకి మన బిల్లులు కనబడవు. ఇది విన్నాక కూడా వేయమంటే, "సరే మేడం, మీరు, ఆడిటర్ గారు ఓకే అని ఒక మెయిల్ పెడితే వేస్తాను" అనండి. దాదాపు ఎప్పుడూ ఆ మెయిల్ రాదు, డబ్బే వస్తుంది.

ఏడో మెట్టు: చెప్పాక వదిలేయకపోవడం

మేనేజర్‌కి చెప్పిన క్షణం నుంచి పని ఆవిడదైపోయిందని అనుకోవడం మామూలే. ఫోన్ చేయించడం ఆవిడ పని, ఐఎంఎస్‌లో ఎక్కిందా లేదా చూడటం మీ పనే. 10 సాయంత్రం ఒకసారి, 11 మధ్యాహ్నం ఒకసారి చూసి, ఏదైనా మారితే ఒక్క లైను పంపండి: "63,000 బిల్లు ఎక్కింది మేడం, రెండోది ఇంకా లేదు." ఏమీ మారకపోతే 11 మధ్యాహ్నం అదే చెప్పండి, అప్పటికి ఇంకో ఫోన్‌కి సమయం ఉంటుంది.

ఆ సప్లయర్ పేరు పక్కన మీ షీటులో ఒక గడి పెట్టుకోండి: జూలై, రెండు బిల్లులు, ఒకటి ఆలస్యం. సెప్టెంబరు 14న 2బీ రాగానే మొదట వెతకాల్సింది ఆ 45,000 బిల్లే. కనిపిస్తే, పేమెంట్‌లో ఆపిన మొత్తం ఉంటే అది వదలమని మీరే గుర్తుచేయాలి, ఎందుకంటే ఆపమన్న వాళ్లకి అప్పటికి గుర్తుండదు. సప్లయర్ ఫోన్ మాత్రం మీకే వస్తుంది.